టు-లెట్ బోర్డు మీద రాయని అద్దె

హైదరాబాదులో ఉద్యోగం దొరికి, హాస్టల్ నుంచో స్నేహితుల గదిలోంచో బయటపడి, తొలిసారి సొంతంగా ఒక పోర్షన్ అద్దెకు తీసుకోవాలనుకునేవాళ్లు మామూలుగా రెండే ప్రశ్నలతో బయల్దేరతారు. ఆఫీసుకు ఎంత దగ్గర, అద్దె ఎంత తక్కువ. దగ్గర కావాలంటే కొండాపూర్, మాదాపూర్ చూస్తారు. అక్కడి అద్దెలు విని గుండె జారితే, చవక వెతుక్కుంటూ నిజాంపేట, బాచుపల్లి దాకా పోతారు. ఈ రెండు కొసల మధ్య ఉన్న పాత పేటలు చాలామంది చూపులోకే రావు. ముప్ఫై వేల చిల్లర జీతంతో బతికేవాళ్లకు మాత్రం చాలాసార్లు సరిపడేవి అవే అని నా అభిప్రాయం. పేటను కొలవాల్సింది అద్దెతో కాదు, ఆఫీసుకున్న దూరంతోనూ కాదు. సొంత బండి లేకుండా ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా చేరడానికి నెలకు ఎంత డబ్బు, ఎంత సమయం పడుతుందో దాన్ని అద్దెకు కలిపి కొలవాలి. ఆ కొలతతో చూస్తే పేటల వరుస తారుమారవుతుంది.

మాటగా చెబితే నమ్మకం కుదరదు కాబట్టి ఒక లెక్క వేసుకుందాం. అంకెలు ఉదాహరణకు అనుకున్నవే, మీ వివరాలతో వాటిని మార్చుకోవచ్చు. చేతికొచ్చే జీతం నెలకు 32,000 రూపాయలు. ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. నెలకు 25 పనిదినాలు, రోజుకు తొమ్మిది గంటలు. ఇంటి కోసం చూసినవి మూడు చోట్లు. కొండాపూర్‌లో సింగిల్ బెడ్‌రూమ్, మెయింటెనెన్సుతో కలిపి 17,000. యూసుఫ్‌గూడలో పాతకాలపు ఇండిపెండెంట్ ఇంట్లో మొదటి అంతస్తు పోర్షన్, 11,500. నిజాంపేటలో కొత్త అపార్ట్‌మెంట్ ఫ్లాట్, అద్దె 9,500, మెయింటెనెన్సు 1,500, మొత్తం 11,000. టు-లెట్ బోర్డు చూసి నిర్ణయించేవాళ్లకు నిజాంపేటే చవక. పైగా ఇల్లు కొత్తది, లిఫ్టుంది, గోడలకు కొత్త రంగుంది.

ఇప్పుడు దారి ఖర్చు కలుపుదాం. కొండాపూర్ నుంచి షేర్ ఆటోలో పోనూ రానూ రోజుకు 50 రూపాయలనుకుంటే నెలకు 1,250, అద్దెతో కలిపి 18,250. యూసుఫ్‌గూడ మెట్రో నీలం లైను మీద ఉంది. అక్కడి నుంచి రాయదుర్గం ఏడో స్టేషన్. ఒక్కో వైపు 40 రూపాయలు వేసుకుంటే నెలకు 2,000, అద్దెతో 13,500. నిజాంపేట దగ్గరే కథ మారుతుంది. అక్కడి నుంచి రోజూ రాయదుర్గానికి పోవాలంటే చాలామందికి బండి తప్పదు. రానూపోనూ 28 కిలోమీటర్ల చొప్పున నెలకు 700 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి, లీటరు 107 రూపాయల లెక్కన, పెట్రోలుకే 1,660 దాకా అవుతుంది. ఆయిల్, టైర్లు, సర్వీసింగ్, ఇన్సూరెన్సు నెలల మీద పంచితే అంతా కలిపి 2,300 అనుకోండి. బండి వాయిదాల్లో కొన్నదైతే ఇంకో 3,200. అప్పుడు నిజాంపేట ఇంటి అసలు అద్దె 16,500. బోర్డు మీద అన్నిటికంటే తక్కువగా కనిపించిన ఇల్లు యూసుఫ్‌గూడ ఇంటి కంటే మూడు వేలు ఎక్కువైంది. ఆ మూడు వేలు ఓనరుకు కాక ఫైనాన్సు కంపెనీకీ పెట్రోలు బంకుకూ పోతున్నాయి కాబట్టి అద్దెలా అనిపించదు, అంతే తేడా.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం, నాకు బండి ముందే ఉంది కదా, వాయిదాలు తీరిపోయాయి కదా అని. న్యాయమైన మాటే. వాయిదా తీసేస్తే నిజాంపేట లెక్క 13,300కు దిగుతుంది, యూసుఫ్‌గూడ కంటే 200 తక్కువ. డబ్బు సమానమైంది కాబట్టి ఇక సమయం చూడాలి. యూసుఫ్‌గూడ నుంచి పది నిమిషాల నడక, కాస్త ఎదురుచూపు, రైల్లో పావుగంట పైచిలుకు, మళ్లీ పది నిమిషాల నడక, మొత్తం 40 నిమిషాలు. నిజాంపేట నుంచి రద్దీవేళ బండి మీద గంట అనుకుందాం. ఒక్కో వైపు ఇరవై నిమిషాల తేడా అంటే నెలకు సుమారు 17 గంటలు. ఆ 200 రూపాయల మిగులు కోసం రెండు పనిదినాలంత సమయం రోడ్డు మీద పోతుంది. అదీ ఎండలో, వానలో, హ్యాండిల్ పట్టుకుని, చూపు తిప్పకుండా. రైల్లో నిలబడినా చేతులు ఖాళీగా ఉంటాయి, అదే తేడాలో సగం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. సమయం అంత విలువైనదైతే కొండాపూర్‌లోనే ఉండొచ్చు కదా, 25 నిమిషాల్లో చేరొచ్చు కదా అంటారు. దీన్నీ అంకెలతోనే తేల్చుకుందాం. కొండాపూర్‌లో ఉంటే ఒక్కో వైపు పదిహేను నిమిషాలు, నెలకు పన్నెండున్నర గంటలు కలిసొస్తాయి. అందుకు ఎక్కువగా కట్టేది 4,750 రూపాయలు. అంటే గంటకు 380. మన ఉద్యోగి గంట పనికి సంపాదించేది 32,000ను 225 గంటలతో భాగిస్తే 142 రూపాయలు. 142 చొప్పున అమ్ముకున్న గంటలను 380 పెట్టి తిరిగి కొనుక్కుంటున్నాడన్నమాట. జీతం లక్షకు చేరినవాళ్లకు ఈ బేరం గిట్టుబాటవుతుంది. అందుకే ఆ పేటల్లో అద్దెలు అలా ఉంటాయి, వాటిని నిలబెడుతున్నది లక్ష జీతాలవాళ్లే. ముప్ఫై వేలవాళ్లు వాళ్లతో పోటీపడి అక్కడ ఇల్లు తీసుకుంటే సగానికి పైగా జీతం నాలుగు గోడలకే పోతుంది.

మరి నాగోల్ సంగతేమిటని అడగొచ్చు. అదీ నీలం లైను మీదే ఉంది, అక్కడ అద్దె 9,000కే దొరికిందనుకుందాం. నాగోల్ నుంచి రాయదుర్గం అంటే లైనుకు ఈ కొస నుంచి ఆ కొస. 2025 మే నెలలో ధరలు సవరించాక గరిష్ఠ టికెట్టు 69 రూపాయలు, ఈ ప్రయాణానికి పడేది అదే. నెలకు 3,450, అద్దెతో 12,450. యూసుఫ్‌గూడ కంటే 1,050 మిగులుతుంది, రోజుకు గంటా ఇరవై నిమిషాలు అదనంగా పోతుంది. నెలకు 33 గంటలు. గంటకు ముప్ఫై రూపాయల చిల్లర కోసం ఇంత ప్రయాణం నాకైతే సబబుగా తోచదు. కానీ ఇంటికి డబ్బు పంపక తప్పనివాళ్లు, మొదటి స్టేషన్‌లో ఎక్కి సీటు దొరికించుకుని చదువుకునేవాళ్లు ఇదే ఎంచుకుంటే తప్పు పట్టను. తెలిసి చేసే ఎంపిక అది. నిజాంపేట ఎంపికలో ఇబ్బంది ఏమిటంటే, ఎంత ఇస్తున్నారో ఇచ్చేవాళ్లకు తెలియదు.

మ్యాపు చూసి దూరం కొలిచే అలవాటు ఇంకో చోట కూడా మోసం చేస్తుంది. కేపీహెచ్‌బీ కాలనీకీ హైటెక్ సిటీకీ మధ్య దూరం మ్యాపు మీద చిన్నదే. రెండు చోట్లా మెట్రో ఉంది. అందుకని కేపీహెచ్‌బీలో ఇల్లు తీసుకుంటే మెట్రోలో చిటికెలో పోవచ్చనుకుంటారు. కానీ కేపీహెచ్‌బీ ఎర్ర లైను మీద, హైటెక్ సిటీ నీలం లైను మీద ఉన్నాయి. రెండూ కలిసేది అమీర్‌పేటలో. తూర్పుకు అమీర్‌పేట దాకా పోయి, రైలు మారి, మళ్లీ పడమటికి రావాలి. అందుకే అక్కడివాళ్లు రోడ్డు మీదే పోతారు, ఆ రోడ్డు ఎంత రద్దీగా ఉంటుందో తెలిసిందే. 2022లో కైతలాపూర్ ఫ్లైఓవర్ తెరిచాక కొంత తెరిపి దొరికినా, రైలులాగా ఇన్ని నిమిషాలని చెప్పగలిగే ప్రయాణం కాదది. పేట పక్కన మెట్రో స్టేషన్ ఉందా అన్నది కాక, ఆ స్టేషన్ మీ ఆఫీసు లైను మీదే ఉందా అన్నది అసలు ప్రశ్న.

నా వాదనకు ఒక హద్దుంది, అది కూడా చెప్పాలి. నీలం లైను రాయదుర్గంలో ఆగిపోతుంది. ఆఫీసు నానక్‌రామ్‌గూడలోనో, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లోపలో ఉంటే, రైలు దిగాక ఇంకో ఆరేడు కిలోమీటర్లు ఆటోకో బస్సుకో ఎదురుచూడాలి. అప్పుడు యూసుఫ్‌గూడ లెక్క చెదిరిపోతుంది. అలాంటివాళ్లు లింగంపల్లి, చందానగర్ వైపు పాత కాలనీలు చూడటం మేలు. లింగంపల్లి నుంచి గచ్చిబౌలి వైపు బస్సులున్నాయి, నగరంలోకి రావాలంటే ఎంఎంటీఎస్ రైలుంది. ఎంఎంటీఎస్ టికెట్టు చాలా చవక, కానీ రైలుకీ రైలుకీ మధ్య ఎదురుచూపు ఎక్కువ. అందుకని ఆఫీసు వేళకు సరిపడే రైలు నిజంగా ఉందో లేదో టైంటేబుల్‌లో చూసుకున్నాకే దాన్ని లెక్కలో వేసుకోవాలి. రాత్రి షిఫ్టులవాళ్ల సంగతి మరీ వేరు. మెట్రో చివరి రైలు బయల్దేరేది రాత్రి పదకొండు ప్రాంతంలో. ఆ తర్వాత కంపెనీ క్యాబే దిక్కు. కంపెనీ క్యాబు ఎంత దూరం దాకా వస్తుందో అడిగి, ఆ హద్దు లోపలే ఇల్లు వెతుక్కోవాలి.

ఆడపిల్లల విషయంలో ఈ లెక్కకు ఇంకో మెలిక ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్టు లేదు. కరీంనగర్ నుంచో నల్గొండ నుంచో వచ్చిన అమ్మాయికి బస్సు ఖర్చు సున్నా కాబట్టి, మెట్రో లేని పేట కూడా డబ్బులో గెలవొచ్చు. కానీ ఈ సౌకర్యం తెలంగాణ నివాసులకే. గుంటూరు చిరునామాతో ఆధార్ ఉన్న అమ్మాయి అదే బస్సులో టికెట్టు కొనాలి. ఒకే గదిలో ఉండే ఇద్దరు స్నేహితురాళ్లకు ఒకే ఇంటి ఖర్చు రెండు రకాలుగా తేలొచ్చు. టికెట్టు లేకపోయినా సమయం లెక్క మాత్రం ఇద్దరికీ ఒకటే. రాత్రి ఎనిమిదింటికి బస్టాపు నుంచి ఇంటి దాకా నడిచే వీధిలో దీపాలున్నాయా, దుకాణాలు తెరిచి ఉంటాయా అన్నది ఈ అంకెలన్నిటికంటే ముందు చూసుకోవాల్సిన సంగతి.

పాత పేటలనే సరికి నీళ్లు వస్తాయా, ఇల్లు ఇరుకు కదా అన్న సందేహం వస్తుంది. ఇరుకు నిజమే, గాలీ వెలుతురూ కొన్ని ఇళ్లలో తక్కువే, పార్కింగు అంటారా, వీధే. నీళ్ల విషయంలో మాత్రం తరచు పాత పేటదే పైచేయి. పాత బస్తీలకూ కాలనీలకూ జలమండలి పైపులు ఏనాడో పడ్డాయి. జనం మంజీర నీళ్లని పిలుచుకునే ఆ నీళ్లు చాలాచోట్ల రోజు విడిచి రోజు వస్తాయి, సంపులో పట్టుకుంటే గడిచిపోతుంది. 2021 జనవరి నుంచి ఒక్కో గృహ కనెక్షన్‌కు నెలకు 20,000 లీటర్ల దాకా బిల్లు కూడా లేదు. నగరం పడమటి అంచున వేగంగా లేచిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి బోర్లే ఆధారం. వందల ఫ్లాట్లు ఒకే నేల నుంచి తోడుకుంటుంటే మార్చి దాటేసరికి బోర్లు ఎండుతాయి, ట్యాంకర్లు మొదలవుతాయి. ఆ ట్యాంకర్ల డబ్బు మెయింటెనెన్సులో కలుస్తుంది. శీతాకాలంలో ఇల్లు చూసినప్పుడు 1,500 అన్న మెయింటెనెన్సు వేసవిలో రెట్టింపైనా ఆశ్చర్యపోనక్కర్లేదు.

దీన్ని ముందే పసిగట్టొచ్చు. ఓనరును నీళ్లు వస్తాయా అని అడిగితే ఇరవై నాలుగు గంటలూ వస్తాయనే అంటాడు, ట్యాంకులో నీళ్లుంటే కుళాయి తిప్పగానే వస్తాయి కాబట్టి అది అబద్ధమూ కాదు. అడగాల్సింది వాచ్‌మన్‌ను, కింద ఇస్త్రీ చేసే అతన్ని, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయనను. పోయిన ఏప్రిల్‌లో ఈ బిల్డింగుకు రోజుకు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయని అడగండి, అంకె చెబుతారు. అపార్ట్‌మెంటైతే ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్సు రసీదు చూపించమనండి. బాత్రూమ్ కుళాయిల చుట్టూ, బకెట్ల అంచున తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంటే వాడుతున్నది బోరు నీళ్లని అర్థం. ఆ నీళ్లు తాగలేరు కాబట్టి క్యాన్ల ఖర్చూ అద్దెకు కలుపుకోండి.

వాన సంగతి కూడా ఇదే తీరు. 2016 సెప్టెంబర్ వానలకు నిజాంపేటలోని బండారి లేఅవుట్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. 2020 అక్టోబర్ 13, 14 తేదీల వరదకు టోలీచౌకి వైపు నదీమ్ కాలనీ, ఇటు ఉప్పల్, ఎల్బీనగర్ వైపు ఎన్నో కాలనీలు మునిగాయి. కొత్త, పాత తేడా లేకుండా, చెరువుల కిందా నాలాల పక్కనా పల్లంలో కట్టిన ప్రతి చోటా ఈ బెడద ఉంది. యూసుఫ్‌గూడలోనైనా పల్లపు గల్లీ పల్లపు గల్లీయే. గ్రౌండ్ ఫ్లోరు ఇల్లు పక్క వాటికంటే వెయ్యి, రెండు వేలు చవకగా వస్తుంటే, అది ఎందుకు చవకో వెతకండి. గుమ్మం ముందు ఈమధ్యే కట్టిన ఎత్తు గట్టు, ప్రహరీ గోడ మీద అడ్డంగా సాగిన మరక, నడుమెత్తున బిగించిన మోటారు స్విచ్చి, ఇవన్నీ ఓనరు చెప్పని సంగతిని చెబుతాయి. కుదిరితే పెద్దవాన కురిసిన మర్నాడు వెళ్లి వీధి చూసిరండి.

ఇంతసేపూ మనమే పేటను ఎంచుకుంటామన్నట్టు మాట్లాడాను. అది సగం నిజమే. బ్యాచిలర్లకు ఇవ్వమనేవాళ్లు, మాంసం వండకూడదనేవాళ్లు, ఇంటిపేరు అడిగి కులం కూపీ లాగేవాళ్లు, పేరు వినగానే ఇల్లు నిన్ననే వెళ్లిపోయిందనేవాళ్లు ఈ నగరంలో తక్కువేమీ లేరు. ఇది అన్యాయమని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. కాకపోతే ఇల్లు వెతికేవాళ్లకు ఈ పూటకు పనికొచ్చే సంగతి ఒకటుంది, ఈ గీతలు అన్ని పేటల్లో ఒకేలా ఉండవు. యూసుఫ్‌గూడ పక్కన కృష్ణానగర్‌కు సినిమా పని కోసం ఊళ్ల నుంచి ఒంటరిగా వచ్చేవాళ్లు దశాబ్దాలుగా ఉన్నారు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ కోచింగుల కోసం వచ్చే కుర్రాళ్లతో నిండి ఉంటాయి. ఇలాంటిచోట్ల ఒంటరి మనిషికి ఇల్లివ్వడం ఓనర్లకు అలవాటైన వ్యవహారం. కొత్త అపార్ట్‌మెంట్లలోనైతే ఓనరు ఒప్పుకున్నా అసోసియేషన్ ఒప్పుకోకపోవచ్చు. అడ్వాన్సు ఇచ్చాక ఆ సంగతి తెలిస్తే ఇబ్బంది, కాబట్టి ముందే అసోసియేషన్‌ను అడగాలి.

మధ్య పేటనే నేను సమర్థించడానికి ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. మొదటి ఉద్యోగం ఎక్కువకాలం నిలవకపోవచ్చు. ఆఫీసు గోడ పక్కనే ఇల్లు తీసుకున్నవాళ్లకు ఉద్యోగం మారితే ఇల్లూ మారాల్సిందే. ఇల్లు మారడమంటే బ్రోకరుకు ఒక నెల అద్దె, సామాను వ్యానుకు కొంత, పాత ఓనరు అడ్వాన్సులోంచి పెయింటింగ్ పేరుతో కోసుకునేది కొంత. 17,000 అద్దె ఇంటికి ఇదంతా కలిపితే ఇరవై వేలు పైమాటే. యూసుఫ్‌గూడలో ఉన్నవాళ్లకు తర్వాతి ఉద్యోగం బేగంపేటలో వచ్చినా, సికింద్రాబాదులో వచ్చినా అదే లైను. ఎల్బీనగర్ వైపో మియాపూర్ వైపో వచ్చినా అమీర్‌పేటలో ఒకసారి రైలు మారితే చాలు, ఇల్లు కదలనక్కర్లేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ, ఒకరిది రాయదుర్గం, ఒకరిది సికింద్రాబాదు అయితే ఇక చర్చే అవసరం లేదు. ఏ ఒక్క ఆఫీసు పక్కన ఇల్లు తీసుకున్నా రెండోవారి రోజు రోడ్డు పాలవుతుంది.

ఇన్ని చూసినా కొన్ని సంగతులు అందులో ఉంటేగానీ తెలియవు కాబట్టి, ఒప్పందం రాసుకునేటప్పుడే బయటపడే దారి ఉంచుకోవాలి. అద్దె ఒప్పందాలు మామూలుగా పదకొండు నెలలకే రాసుకుంటారు. ఆ పదకొండు నెలల్లో ఎప్పుడైనా ఒక నెల ముందు చెప్పి ఖాళీ చేయొచ్చని, రెండు వైపులకూ వర్తించేలా రాయించుకోండి. అడ్వాన్సు హైదరాబాదులో మామూలుగా రెండు నెలల అద్దె, అంతకుమించి అడిగితే బేరమాడండి. పెయింటింగ్‌కు ఎంత కోస్తారో అంకె వేయించుకోండి, లేకపోతే చివర్లో అది నెల అద్దెకు సమానమై కూర్చుంటుంది. కరెంటు మీటరు మీ పోర్షన్‌కు వేరుగా ఉందో, సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఓనరు తన రేటు వసూలు చేస్తున్నాడో చూసుకుని, చేరే రోజు మీటరు రీడింగును ఫోన్లో ఫొటో తీసి ఓనరుకు పంపండి. నీళ్ల మోటారు కరెంటు ఎవరి మీటరు మీద నడుస్తుందో కూడా అప్పుడే అడగండి. మొదటి అంతస్తు పోర్షన్‌కు వచ్చే బిల్లులో మొత్తం ఇంటి మోటారు ఖర్చు కలిసి ఉండటం పాత ఇళ్లలో కొత్తేమీ కాదు.